గ్రూపులో పెట్టే అభినందన

చిరంజీవి మేనకోడలికి,

స్కేల్ వన్ నుంచి స్కేల్ టూకి ప్రమోషన్ల లిస్టు వచ్చిందనీ, అందులో లత పేరుంది గానీ నీ పేరు లేదనీ అమ్మ చెప్పింది. ఇద్దరూ ఒకే ఏడాది బ్యాంకులో చేరారు, ఒకేసారి ఇంటర్వ్యూకి వెళ్లారు. బ్రాంచి గ్రూపులో ఆమెకి అభినందనగా ఏం రాయాలో తోచడం లేదన్నావట.

ముందు ఆ గ్రూపులో ఎవరెవరున్నారో చూసుకో. మేనేజరు, క్లర్కులు, అటెండరు, నీలాగే లిస్టులో రాని ఇంకో ఆఫీసరు. నువ్వూ ఇంటర్వ్యూకి వెళ్లావని అందరికీ తెలుసు. మిగతావాళ్ల పూలగుత్తుల బొమ్మలు చూడకుండానే జరిపేస్తారు, నీ మెసేజ్ దగ్గర మాత్రం ఆగి చదువుతారు. అందుకని ఈ సాయంత్రంలోపే పెట్టెయ్. రేపటికి వాయిదా వేస్తే ఎంత బాగా రాసినా ముందు ఆలస్యమే కనబడుతుంది.

"మీకన్నా అర్హులెవరూ లేరు" అనకు. ఆ ఇంకో ఆఫీసరు కూడా అక్కడే ఉన్నాడు మరి. "మమ్మల్ని మర్చిపోకండి మేడమ్" అని నువ్వు సరదాకే అన్నా, వినేవాళ్లకి ఎత్తిపొడుపులాగే ఉంటుంది. గ్రూపులో ఎప్పుడూ "లతగారు" అనే రాస్తావుగా, అదే ఉంచు. పార్టీ ఎప్పుడని అడిగే పని క్లర్కులు చూసుకుంటారులే.

"చాలా చాలా సంతోషంగా ఉంది" కూడా వద్దు. నీ మనసులో ఎలా ఉందో ఎవరూ అడగలేదు. ఆమె పనిలో నువ్వు కళ్లారా చూసింది ఒక్కటి రాయి. పంట రుణాల రెన్యువల్ అప్పుడు ఆమె ఏం చేసిందో నాకు ఫోన్లో చెప్పావు, గుర్తుందా? అదే ఇలా రాయొచ్చు:

"అభినందనలు లతగారూ. జూన్‌లో పంట రుణాల రెన్యువల్‌కి మీరు ఊరికో రోజు పెట్టి, పాసుపుస్తకాలు, ఆధార్ జిరాక్సులు ముందురోజే సరిచూసి ఉంచారు. ఆ నెలంతా నా సీటు దగ్గర తోపులాట లేకుండా పని సాగింది. కొత్త పోస్టులోనూ అలాగే చేస్తారని నాకు తెలుసు."

ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు, కాబట్టి రాయడానికి నీకూ చెయ్యి వణకదు. బ్రాంచిలో అందరూ చూసిన సంగతే కనుక ముఖస్తుతి అని ఎవరూ అనరు. నీ ప్రసక్తి కూడా, పని తేలికైన మనిషిగా తప్ప ఇంకెలాగూ రాలేదు. "నాకు రాకపోయినా" అన్న మాట ఒక్కటి చేర్చావో, గ్రూపంతా ఆమెని వదిలేసి నిన్ను ఓదార్చడం మొదలెడుతుంది.

నీ మార్కులు రాతపరీక్షలో తగ్గాయా, ఇంటర్వ్యూలోనా అని తెలుసుకోవాలంటే ఓ వారం ఆగి హెచ్‌ఆర్‌కి విడిగా రాసుకో. లత జవాబుగా "మీకూ రావాల్సింది" అనొచ్చు. దానికి ఒక దండం బొమ్మ పెట్టి ఊరుకో. రాత్రి మాత్రం ఫోన్ చేసి, ఇంటర్వ్యూలో ఏమేం అడిగారో కనుక్కో. ఆ పిల్ల దాచదు.

మీ మావయ్య