నేడు చెల్లించే సొమ్ముకు వడ్డీ కోత లేదు

హబ్సిగూడలో గానుగ నూనె అంగడి తెరవదలచిన ఒక వర్తకుని లెక్క తీసుకుందాం. వనపర్తి, గద్వాల మార్కెట్ల నుంచి వేరుశనగ తెప్పించి, ఇక్కడే ఆడించి, తార్నాక, యూనివర్సిటీ ప్రాంతాల ఇళ్లకు నూనె అమ్మాలని ఆయన ఉద్దేశం. గానుగకు, మోటారుకు, అంగడి అడ్వాన్సుకు, తొలి సరకుకు కలిపి రూ. 3,56,000 నేడే పెట్టాలి. ఖర్చులు పోగా మొదటి ఏడాది చివర రూ. 1,10,000, రెండవ ఏడాది చివర రూ. 2,42,000 చేతికి వస్తాయి. మూడవ ఏడాది చివర గానుగ అమ్మిన సొమ్మూ, తిరిగివచ్చే అడ్వాన్సూ కలుపుకొని రూ. 1,33,100 వస్తుంది. అంకెలు పాఠం కోసం వేసుకున్నవే. వడ్డీ నూటికి 10.

ముందు కాగితం మీద చూద్దాం. ఏడాది తర్వాత వచ్చే 1,10,000ను 1.10తో ఒకసారి భాగిస్తే నేటి విలువ లక్ష. రెండేళ్లకు వచ్చే 2,42,000ను రెండుసార్లు భాగిస్తే రెండు లక్షలు. మూడేళ్లకు వచ్చే 1,33,100ను మూడుసార్లు భాగిస్తే లక్ష. మొత్తం నాలుగు లక్షలు. ఇందులోంచి నేటి పెట్టుబడి 3,56,000 తీసివేస్తే నికర ప్రస్తుత విలువ రూ. 44,000. పెట్టుబడిని దేనితోనూ భాగించలేదు. అది నేటి సొమ్మే గదా.

ఇదే లెక్కను కంప్యూటరుకు ఇద్దాం. B1 గడిలో 10%, B2లో పెట్టుబడి -356000, B3 నుంచి B5 వరకు మూడేళ్ల రాబడి. చాలామంది ఇలా కొడతారు:

```
=NPV(B1,B2:B5)
```

జవాబు 40,000 వస్తుంది. నాలుగు వేలు ఎక్కడికి పోయాయి? NPV అనే ఈ సూత్రం తనకిచ్చిన మొదటి అంకె మొదటి ఏడాది చివరిదని అనుకుంటుంది. 1983లో వచ్చిన లోటస్ 1-2-3లోనూ పద్ధతి ఇదే, నేటి ఎక్సెల్‌లోనూ ఇదే. కనుక నేటి పెట్టుబడిని ఏడాది తర్వాతికి, మొదటి ఏడాది రాబడిని రెండవ ఏడాదికి, ఇలా అన్నింటినీ ఒక్కో ఏడాది వెనక్కు జరిపింది. 44,000ను 1.10తో భాగిస్తే సరిగ్గా 40,000. పెట్టుబడిని బయట ఉంచడమే సరైన దారి:

```
=B2+NPV(B1,B3:B5)
```

B2లో మైనస్ గుర్తు ముందే ఉన్నది కనుక ఇక్కడ కూడవలెను. తీసివేస్తే పెట్టుబడి లాభంగా మారిపోతుంది.

ఈ పొరపాటు వల్ల లాభం నష్టంగా కనబడదు. అందుకే ఎవరి కంటా పడదు. రెండు బేరాలను పోల్చినప్పుడే దెబ్బ తగులుతుంది. గానుగ కొనకుండా, మరొకరి మిల్లులో కూలికి ఆడించి అమ్మే దారి కూడా వర్తకునికి ఉన్నదనుకోండి. నేటి పెట్టుబడి రూ. 2,00,000; రాబడి వరుసగా 1,10,000, 1,21,000, 55,902. సరైన నికర విలువ 42,000. ఈ లెక్క మేనల్లుడు సరిగా వేసి, గానుగ లెక్క గుమాస్తా తప్పుగా వేస్తే 42,000 పక్కన 40,000 కనబడుతుంది. రెండు వేలు ఎక్కువ మిగిల్చే గానుగ బేరం వదులుకున్నట్లే.

ఇతరులు పంపిన షీటు సరైనదో కాదో తెలుసుకోవడానికి చిన్న ఉపాయం ఉన్నది. నేటి గడిలో -100 వేసి, మిగిలిన ఏడాదులన్నింటిలో సున్న పెట్టండి. జవాబు -100 అయితే లెక్క సరి. -90.91 వస్తే నేటి సొమ్ముకు కూడా వడ్డీ కోసినట్లే. వడ్డీ 10% ఉంచే చూడాలి; వడ్డీ సున్న పెడితే తప్పు సూత్రమూ -100 అనే అంటుంది.

సున్న అంటే సున్న కొట్టాలి, గడిని ఖాళీగా వదలరాదు. NPV ఖాళీ గడులను లెక్కలోకి తీసుకోదు. గానుగ లెక్కలో రెండవ ఏడాది రాబడి లేదని B4ను ఖాళీగా వదిలితే, మూడవ ఏడాది 1,33,100ను రెండవ ఏడాదికి లాగి, దాని విలువను లక్షకు బదులు 1,10,000గా చూపుతుంది. ఈ తప్పు ఆశ పెంచుతుంది కనుక మొదటిదానికంటె చెడ్డది.

నూనె అమ్మకం రోజూ జరిగేది. సొమ్మంతా ఏడాది చివర వస్తుందనుకోవడం కొంత జాగ్రత్త లెక్క. తేదీలవారీగా వేయదలచినవారు XNPV వాడవచ్చు. అక్కడ పద్ధతి వేరు: మొదటి తేదీనే నేడుగా తీసుకుంటుంది, కనుక పెట్టుబడిని లోపలే ఉంచాలి. తేదీలు C2 నుంచి C5 వరకు ఉంటే:

```
=XNPV(B1,B2:B5,C2:C5)
```

ఏడాదికి 365 రోజుల చొప్పున లెక్కిస్తుంది గనుక, మధ్యలో లీపు సంవత్సరం వస్తే జవాబు 44,000కు కొద్దిగా తగ్గుతుంది.