రెక్కలతో పొడవు కొలత

ప్రశ్న: ఉపగ్రహ చిత్రంలో నిలిపి ఉన్న విమానం ఏ320నో, ఏ321నో పోల్చుకోవడం ఎలా? చిత్రం పిక్సెల్ సైజు నాకు తెలియదు.

జవాబు: తెలియకపోయినా ఫరవాలేదు. కొసలు పైకి వంగిన రెక్కలుంటే ఏ319, ఏ320, ఏ321 మూడింటికీ ఈ కొస నుంచి ఆ కొసకు దూరం 35.8 మీటర్లే. పొడవులే వేరు: 33.8, 37.6, 44.5 మీటర్లు. కాబట్టి రెక్కలే మీ స్కేలు.

రెక్కలు 72 పిక్సెళ్లు, ముక్కు నుంచి తోక చివరికి 89 పిక్సెళ్లు వచ్చాయనుకుందాం. 35.8ని 72తో భాగిస్తే పిక్సెల్‌కు సుమారు అర మీటరు. దాన్ని 89తో గుణిస్తే 44.3 మీటర్లు, అంటే ఏ321. అంచు పిక్సెళ్లలో విమానం రంగు, నేల రంగు కలిసిపోతాయి కనుక ఒక మీటరు అటూఇటూ తేడా సహజం. ఏ320కి ఇంకా ఏడు మీటర్ల దూరముంది, అనుమానం అక్కర్లేదు.

విమానం ఏటవాలుగా ఉంటే అడ్డం, నిలువు పిక్సెళ్లను వర్గం చేసి, కూడి, వర్గమూలం తీయండి. అసలు మోసం నీడతో వస్తుంది. తోక నీడను తోకగా లెక్కిస్తే ఏ320 కూడా ఏ321 అయిపోతుంది. పక్క విమానాల నీడలు ఎటు పడ్డాయో ముందు చూడండి. స్క్రీన్‌షాట్ ఒకవైపు సాగిపోయి ఉంటే మాత్రం ఈ లెక్క పనిచేయదు.