నకిలీ స్పోర్ట్స్ షూస్: గుర్తింపు, హక్కులు, గడువులు

సూరత్ జిల్లా జోల్వాలోనూ చుట్టుపక్కల జౌళి పరిశ్రమల ప్రాంతంలోనూ ఉండే తెలుగు వినియోగదారుల కోసం ఈ సమాధానాలు. ఇందులో "నకిలీ షూస్" అంటే బ్రాండ్ యజమాని అనుమతి లేకుండా ఆ బ్రాండ్ గుర్తు వేసి, అసలువేనని చెప్పి అమ్మినవి. "విక్రేత" అంటే వాటిని అమ్మిన వ్యక్తి లేదా సంస్థ. "వేదిక" అంటే విక్రేతకూ కొనేవారికీ మధ్య ఉండే ఆన్‌లైన్ యాప్ లేదా సైటు.

1. షూస్ అసలువో కావో ఇంట్లో ఎలా పరిశీలించాలి?

నాలుక లోపలి లేబుల్ మీద మోడల్ కోడ్, సైజు ఉంటాయి. రెండు షూస్ లేబుళ్లనూ పెట్టె మీది స్టిక్కర్‌తో పోల్చండి. తర్వాత ఆ కోడ్‌ను బ్రాండ్ అధికారిక సైటులో వెతకండి. చాలా బ్రాండ్లలో కోడ్ మోడల్‌తో పాటు రంగునూ సూచిస్తుంది. నల్ల షూస్ మీద తెల్ల షూస్ కోడ్ ఉంటే, లేదా లేబుల్ కోడ్ ఒకటి, పెట్టె కోడ్ మరొకటి అయితే అది బలమైన అనుమానం. అయితే పాత మోడల్ సైటులో కనిపించకపోవడం మాత్రమే తేడా కిందికి రాదు.

2. కోడ్ సరిపోతే అసలువేనా?

అలా నిర్ధారించలేం. అసలు జత మీది కోడ్‌నే నకిలీ షూస్ మీద ముద్రిస్తారు. కాబట్టి కోడ్ తేడా అనుమానానికి ఆధారమే గాని, కోడ్ సరిపోవడం అసలుతనానికి రుజువు కాదు. కుట్టు, జిగురు లోపాలు అసలు షూస్‌లోనూ రావచ్చు. పెట్టె మీద తయారీదారు లేదా దిగుమతిదారు పేరు, చిరునామా, తయారైన నెల, సంవత్సరం, గరిష్ఠ చిల్లర ధర, వినియోగదారుల సేవా వివరాలు ఉన్నాయో లేదో కూడా చూడండి. దిగుమతి సరుకైతే తయారైన దేశం పేరు కూడా ఉండాలి. వివాదంలో ఎక్కువ బరువుండేది బ్రాండ్ యజమాని రాతపూర్వక సమాధానానికే. ఫొటోలు జతచేసి దాన్ని ఈమెయిల్ ద్వారా కోరండి.

3. "ఫస్ట్ కాపీ" అని చెప్పి అమ్మితే?

నకలు అని తెలిసి కొన్నవారు మోసపోయామని వాదించడం కష్టం. విక్రేత నేరం మాత్రం అలాగే ఉంటుంది. ట్రేడ్ మార్క్స్ చట్టం, 1999లోని 104వ సెక్షన్ ప్రకారం తప్పుడు ట్రేడ్‌మార్కు ఉన్న సరుకు అమ్మినా, అమ్మకానికి ఉంచినా సాధారణంగా ఆరు నెలల నుంచి మూడేళ్ల వరకు జైలు, రూ. 50,000 నుంచి రూ. 2 లక్షల వరకు జరిమానా ఉంటాయి. ఈ సెక్షన్ సొంత వాడకానికి కొనడాన్ని గురించి కాదు. అయితే ఆ జతను మీరు తిరిగి అమ్మితే మీరే విక్రేత అవుతారు.

4. సంతలో బిల్లు ఇవ్వకపోతే?

వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం బిల్లు ఇవ్వకపోవడమే అనుచిత వాణిజ్య పద్ధతి. లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజుల్లోగా వెనక్కి తీసుకోవడానికి నిరాకరించడమూ అంతే. బిల్లు లేకపోతే యూపీఐ చెల్లింపు వివరం, దుకాణం ఫొటో, విక్రేతతో జరిగిన సందేశాలు భద్రపరచండి. నగదు ఇచ్చి, ఏ ఆధారమూ లేకపోతే కొనుగోలు రుజువు చేయడం కష్టం.

5. ఆన్‌లైన్‌లో రిటర్న్ గడువు దాటితే హక్కు పోయినట్టేనా?

పోదు. రిటర్న్ గడువు వేదిక పెట్టుకున్న నియమం. ఈ-కామర్స్ నియమాలు, 2020 ప్రకారం సరుకు నకిలీదైతే, లేదా ప్రకటించిన లక్షణాలు లేనిదైతే, విక్రేత దాన్ని వెనక్కి తీసుకోవడానికి నిరాకరించకూడదు. వేదిక ఫిర్యాదుల అధికారి 48 గంటల్లో ఫిర్యాదు అందినట్టు తెలిపి, నెలలోగా పరిష్కరించాలి. రాతపూర్వకంగా కోరితే విక్రేత చిరునామా కూడా వేదిక ఇవ్వాలి.

6. వరుసగా ఏం చేయాలి?

ఒక ఉదాహరణ. జోల్వాలో ఉండే ఒకరికి మార్చి 3న రూ. 2,799 జత అందింది. లేబుల్ కోడ్‌కూ పెట్టె కోడ్‌కూ పొంతన లేదు. ఆయన చేయవలసినవి ఇవి:

- షూస్ వేసుకోకూడదు. పెట్టె, లేబుళ్లు పారేయకూడదు.
- ప్రకటన పేజీ, ఆర్డర్, బిల్లు స్క్రీన్‌షాట్లు అదే రోజు తీయాలి. ప్రకటనను తర్వాత తొలగించవచ్చు.
- వేదికకు రాతపూర్వక ఫిర్యాదు ఇచ్చి, ఫిర్యాదు సంఖ్య రాసుకోవాలి.
- పరిష్కారం కాకపోతే 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయాలి. తెలుగులోనూ మాట్లాడవచ్చు.
- అప్పటికీ కాకపోతే సూరత్ జిల్లా వినియోగదారుల కమిషన్‌లో, లేదా e-jagriti.gov.in ద్వారా ఫిర్యాదు దాఖలు చేయాలి.

షూస్ తిరిగి పంపక తప్పకపోతే ముందు లేబుళ్ల ఫొటోలు, ప్యాకింగ్ వీడియో తీసుకోవాలి. జత చేతిలో లేకపోతే ఆధారం బలహీనమవుతుంది.

7. కమిషన్‌కు గడువు, రుసుము ఎంత?

ఫిర్యాదుకు కారణం ఏర్పడిన నాటి నుంచి రెండేళ్లు. ఆలస్యానికి తగిన కారణం చూపితే కమిషన్ మన్నించవచ్చు, అది హక్కు కాదు. హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసినంత మాత్రాన ఈ గడువు ఆగదు. చెల్లించిన ధర రూ. 5 లక్షలు మించకపోతే రుసుము లేదు. విక్రేత ఏ రాష్ట్రంలో ఉన్నా, మీరు నివసించే లేదా ఉపాధి కోసం పనిచేసే జిల్లాలోనే దాఖలు చేయవచ్చు.