కాలితే వెన్న కాదు, నీళ్లు

దసరాకి గారెలు వేస్తుంటే కాగిన నూనె చింది నా ముంజేయి రూపాయి బిళ్లంత కాలింది. "వెన్న రాయవే, చల్లగా ఉంటుంది" అంది అమ్మమ్మ. రాసుకున్నాను. కాసేపు హాయిగానే ఉంది, తర్వాత మంట ఎక్కువైంది. మర్నాడు డాక్టరమ్మ ఆ జిడ్డంతా తుడుస్తుంటే ప్రాణం పోయినంత పనయింది.

ఆవిడ చెప్పిందిదీ: పొయ్యి మీంచి దించిన గిన్నె కాసేపు వేడిగా ఉన్నట్టే, నూనె తుడిచేసినా చర్మంలో వేడి మిగిలే ఉంటుంది. వెన్న దాన్ని బయటికి పోనివ్వదు. పైగా అందులోని క్రిముల వల్ల పుండు చీము పట్టొచ్చు. టూత్‌పేస్టూ పనికిరాదు. ఐసు పెడితే చర్మం ఇంకా దెబ్బతింటుంది.

ముందు గాజులు, ఉంగరాలు తీసేయాలి. వాపు వస్తే రావు. కాలిన చోటును కుళాయి ధార కింద 20 నిమిషాలు ఉంచాలి. వెంటనే కుదరకపోతే, 3 గంటల లోపు చేసినా మేలే. తర్వాత శుభ్రమైన, అంటుకోని గుడ్డ వదులుగా కప్పాలి. బొబ్బలు చిదపకూడదు.

అరచేయి కంటే ఎక్కువ మేర కాలినా, ముఖమో కీళ్లో కాలినా ఆస్పత్రికి వెళ్లాలి. చర్మం తెల్లబడి నొప్పే తెలియకపోతే "పర్లేదులే" అనుకోవద్దు. లోపలి నరాలు కాలితేనే అలా ఉంటుంది.