సిమెంట్ లెక్క గుమాస్తా పని కాదు

సైట్‌లో సిమెంట్ బస్తాల లెక్క చూడడం గుమాస్తా పని అని, ఇంజినీర్‌కు తగదని నమ్మే తల్లిదండ్రులు, చదువు ముగియగానే పిల్లలను ఢిల్లీ కాలూ సరాయ్‌లోని గేట్ కోచింగ్‌కో, నోయిడాలోని ఖరీదైన సాఫ్ట్‌వేర్ కోర్సుకో అప్పు చేసి పంపుతున్నారు. ఇష్టం ఉందో లేదో అడగకుండా ఇరవై ఒక్కేళ్ల పిల్లలపై మోపే ఈ ఒత్తిడి అన్యాయం. పైగా కొలతల పుస్తకం చదవడం తెలియని విద్యార్థికి ఆ సాఫ్ట్‌వేర్ అందించేది మీటలు నొక్కే నేర్పు మాత్రమే. ఢిల్లీ, గురుగ్రామ్, నోయిడాల నిర్మాణ సైట్లలో బిల్లింగ్ లేదా క్వాంటిటీ ఇంజినీర్‌గా చేరడానికి సివిల్ డిప్లొమా లేదా బీటెక్ చాలు.

ఆ ఉద్యోగంలో కీలకమైనది సిమెంట్ రికన్సిలియేషన్, అంటే జరిగిన పనికి లెక్కప్రకారం పట్టవలసిన సిమెంట్‌ను నిజంగా ఖర్చయిన సిమెంట్‌తో సరిపోల్చడం. కేంద్ర ప్రజా పనుల శాఖ (సీపీడబ్ల్యూడీ) రూపొందించిన ఢిల్లీ రేట్ల విశ్లేషణ ప్రకారం 1:6 మోర్టార్ ఘనమీటరుకు 250 కిలోల సిమెంట్, ఘనమీటరు ఇటుక కట్టుబడికి పావు ఘనమీటరు మోర్టార్ పడతాయి. కాబట్టి 400 ఘనమీటర్ల కట్టుబడికి 25,000 కిలోలు, అంటే 500 బస్తాలు కావాలి. అదే మోర్టార్‌తో 12 మిల్లీమీటర్ల మందం ప్లాస్టరింగ్‌కు చదరపు మీటరుకు 3.6 కిలోల వంతున 5,000 చదరపు మీటర్లకు 360 బస్తాలు పడతాయి కనుక, మొత్తం 860 అవుతుంది.

ఉదాహరణకు అదే సైట్‌లో తొలి నిల్వ 40, వచ్చినవి 960, మిగిలినవి 60 బస్తాలైతే, ఖర్చు 940గా తేలుతుంది. తేడా 80 బస్తాలు, అంటే దాదాపు 9 శాతం. పెద్ద పనుల్లో సీపీడబ్ల్యూడీ కాంట్రాక్టులు సాధారణంగా అనుమతించేది అటూ ఇటూ 2 శాతమే. ఇక్కడ చాలామంది తొందరపడి దొంగతనమని తేల్చేస్తారు కానీ, ముందు గోడ దగ్గరకు వెళ్లాలి. ఇటుక వరసలు వంకరగా ఉండి ప్లాస్టర్ సగటున 14 మిల్లీమీటర్లు పడి ఉంటే, అక్కడే 60 బస్తాలు అదనంగా పోయినట్లు. ఆ తరువాత గోదాములో వెతకాలి: శీతాకాలంలో కాలుష్య నియంత్రణ ఆంక్షల వల్ల రాజధాని ప్రాంతంలో పనులు ఆగినప్పుడు బస్తాలు నిలవుండి గడ్డకడతాయి, అలా పారేసిన 9 బస్తాలు రిజిస్టరులో విడిగా నమోదు కాకపోతే, అవీ పనిలో వాడినట్లే కనిపిస్తాయి. మిగిలిన 11 బస్తాలు 1.3 శాతమే కాబట్టి, చినిగిన సంచులు, ఒలికిన మోర్టార్ కింద సర్దుబాటవుతాయి.

మొత్తం పని ముగిశాక ఒకేసారి లెక్క కడితే ఈ కారణాలను విడదీయడం అసాధ్యం. ప్లాస్టర్ మందాన్ని అప్పుడు గోడ తవ్వి చూడవలసి వస్తుంది. అందువల్ల నెలనెలా, పని రకాన్ని బట్టి లెక్క చూసే సంస్థలోనే తొలి ఉద్యోగం వెతుక్కోవడం మేలు. ఖర్చు లెక్కకంటే తక్కువగా, ఉదాహరణకు 800 బస్తాలే తేలితే, ఆదా చేశామని మెచ్చుకునే యాజమాన్యాల దగ్గర కొత్త ఇంజినీర్ నిలవకూడదు. మోర్టార్‌లో సిమెంట్ పాలు తగ్గిందేమో, కొలతలు ఎక్కువగా రాశారేమో ముందుగా పరీక్షించాలి. ఎందుకంటే అనుమతించిన హద్దుకు మించి తక్కువ వాడిన సిమెంట్ విలువను సీపీడబ్ల్యూడీ గుత్తేదారు బిల్లు నుంచి వసూలు చేస్తుంది, బలహీనమైన గోడ మాత్రం ఆ ఇంట్లో ఉండేవారికి మిగులుతుంది.