క్లినిక్ మూశాక ఫోన్ ఏం చెప్పాలి?

ప్రశ్న: మాది చిన్నపిల్లల క్లినిక్. రాత్రి కాల్స్‌కు రికార్డు చేసిన సందేశం ఉంది. నమస్కారం, డాక్టరుగారి డిగ్రీలు, వేళలు, చివర్లో ‘అత్యవసరమైతే ఆసుపత్రికి వెళ్లండి’. అయినా అదే నంబరుకు మళ్లీ మళ్లీ చేస్తున్నారు. ఎందుకు?

జవాబు: రాత్రి ఫోన్ చేసే తల్లికి కావలసింది ఒక్కటే: ఇప్పుడే బయల్దేరాలా, పొద్దుటిదాకా ఆగొచ్చా? మీ సందేశం ఆ మాట చివర్లో చెబుతోంది, అదీ ‘అత్యవసరం’ అని వదిలేస్తోంది. ఏది అత్యవసరమో తెలియకే కదా ఆమె ఫోన్ చేసింది! లక్షణాలే చెప్పండి: “ఇది ఫలానా పిల్లల క్లినిక్. ఇప్పుడు మూసి ఉంది. బిడ్డకు ఫిట్స్ వచ్చినా, ఊపిరి కష్టమైనా, పాలు తాగలేకపోతున్నా, లేపినా లేవకపోయినా ఆగకండి, 108కి చేయండి. ఒకటి, సున్నా, ఎనిమిది. ఇవి లేకపోయినా మీకు భయంగా ఉంటే ఆసుపత్రికి తీసుకెళ్లండి. రేపు పొద్దున తొమ్మిదికి తెరుస్తాం.” ముందు సందర్భం, తర్వాత నంబరు, నంబరు ముందొస్తే ఎందుకో తెలిసేలోపు మరచిపోతారు.

నాలుగు లక్షణాలు చెబితే మిగతావి ప్రమాదం కాదనుకుంటారనే అభ్యంతరం సబబే. ‘భయంగా ఉంటే’ అన్న వాక్యం అందుకే, దాన్ని కత్తిరించకండి. నమస్కారం లేకపోతే మర్యాద కాదంటారా? ఒక్క మాటే కాబట్టి ఉంచుకోండి, డిగ్రీలు బోర్డు మీద చాలు. ‘బీప్ తర్వాత మాట్లాడండి’ అనేది మాత్రం పొద్దున ఎవరో ఒకరు విని తిరిగి ఫోన్ చేసేట్టయితేనే పెట్టండి. లేదంటే రాత్రంతా ఎదురుచూస్తారు. ఆదివారానికీ పండగ సెలవులకూ వేరే రికార్డింగ్ కావాలి, ‘రేపు తొమ్మిదికి’ అప్పుడు అబద్ధమవుతుంది.