పాత ఖాతా మూసేముందు కోతలు ఆపించండి

రెండు మూడు బ్యాంకుల్లో పొదుపు ఖాతాలు ఉండి, అన్నింట్లోనూ కనీస నిల్వ ఉంచలేక ఒకటి మూసేద్దామనుకునే రైతులు చాలామందే. బ్యాంకుకు పోయి "నా ఖాతా తీసేయండి" అని చెబితే పని అయిపోతుందనుకోకండి. వరుస తప్పితే చేతి సొమ్ము పోతుంది, ఒక్కోసారి బీమా కూడా పోతుంది.

ఒక లెక్క వేసుకుందాం. 46 ఏళ్ల రైతు గత సెప్టెంబరు 10న ఖాతా తెరిచాడు. అందులో 3,240 రూపాయలున్నాయి. ఆ ఖాతా నుంచి నెలకు 500 చొప్పున రికరింగ్ డిపాజిట్‌కు పోతుంది. మే నెలాఖరున జీవన్ జ్యోతి బీమాకు 436, సురక్ష బీమాకు 20 రూపాయలు కట్ అయ్యాయి. జూన్‌లో ఆ ఖాతా మూసేద్దామంటున్నాడు.

మొదటి నష్టం రుసుము. ఖాతా తెరిచిన 14 రోజుల్లోపు మూసినా, ఏడాది దాటాక మూసినా చాలా బ్యాంకులు ఏమీ తీసుకోవు. ఆ మధ్యలో మూస్తే తీసుకుంటాయి. ఆ బ్యాంకు రుసుము 500 అనుకుంటే, దాని మీద 18 శాతం జీఎస్టీ 90 కలిపి 590 పోతుంది. చేతికి వచ్చేది 2,650. రుసుము బ్యాంకును బట్టి మారుతుంది కాబట్టి, సంతకం పెట్టక ముందే ఎంతో అడిగి తెలుసుకోండి.

రెండో నష్టం ఇంకా పెద్దది. జీవన్ జ్యోతి బీమా ఏ కారణంతో మరణించినా కుటుంబానికి 2 లక్షలు ఇస్తుంది. జూన్ 1 నుంచి మరుసటి మే 31 దాకా ఇది వర్తిస్తుంది. కానీ ఖాతా మూసిన రోజే బీమా ఆగిపోతుంది, కట్టిన 436 వృథా. మళ్లీ కొత్త బ్యాంకులో చేరినా, మొదటి 30 రోజుల్లో ప్రమాదం వల్ల కాక జబ్బుతో పోతే సొమ్ము రాదు. 50 ఏళ్లు దాటిన వారికైతే కొత్తగా చేరే వీలే లేదు. పాత ఖాతా ఉంటే మాత్రం 55 దాకా కొనసాగవచ్చు. అలాంటివారు ఆ ఖాతా మూయకపోవడమే మంచిది.

అందుకే మన రైతు వచ్చే మే దాకా కనీస నిల్వ ఉంచి ఆగడమే మేలు. అప్పటికి ఏడాది దాటుతుంది, రుసుము ఉండదు. మే 25 లోపు పాత బ్యాంకులో రెండు బీమాల కోత ఆపమని రాసివ్వాలి. అదే వారంలో కొత్త బ్యాంకులో చేరాలి. రెండు చోట్లా కట్ అయితే క్లెయిము మాత్రం ఒక్క దానికే వస్తుంది.

బీమా ఒక్కటే కాదు. పాసు పుస్తకంలో గత 12 నెలల పద్దులు వేయించి, తేదీ తప్పకుండా పోతున్న సొమ్ములు గుర్తించండి. రికరింగ్ డిపాజిట్ స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ రద్దు చేయమని బ్యాంకుకు రాసివ్వాలి. ఫైనాన్స్ కంపెనీ వాయిదా అయితే ముందు ఆ కంపెనీకి కొత్త ఖాతా నంబరిచ్చి, కొత్త అనుమతి పత్రం నడిచాకే పాతది రద్దు చేయించాలి. లేకుంటే వాయిదా తిరిగొచ్చి జరిమానా పడుతుంది. పీఎం కిసాన్ సొమ్ము ఆధార్ జత అయిన ఖాతాకే చేరుతుంది. కాబట్టి కొత్త బ్యాంకులో ఆధార్ జత చేయించి, ఒక విడత అక్కడ పడ్డాకే పాతది మూయండి.

ఇవన్నీ అయ్యాక ఒక నెల ఆగి చూడండి. ఏ కోతా పడకపోతే మూసివేత దరఖాస్తు ఇవ్వండి. జాయింటు ఖాతా అయితే అందరి సంతకాలూ కావాలి. మిగిలిన చెక్కులు, ఏటీఎం కార్డు, పాసు పుస్తకం అప్పజెప్పాలి. ఆ రోజు దాకా వడ్డీ కలిపి ఎంత వస్తుందో అడిగి, ఆ మొత్తం మీ మరో ఖాతాకు వేయించుకోండి.

"మూసేశాం పోండి" అనే మాటతో తిరిగి రావద్దు. దరఖాస్తు రెండు ప్రతులు రాసి, ఒకదాని మీద తేదీ, ముద్ర, సంతకం వేయించుకోండి. ఖాతా మూసినట్టు, బాకీ ఏమీ లేనట్టు తేదీతో ఉత్తరం అడగండి. అది ఇవ్వకపోతే పాసు పుస్తకం మీద "ఖాతా మూసివేయబడినది" అని రాయించి ముద్ర వేయించుకుని, పుస్తకం తిరిగి తెచ్చుకోండి. రెండేళ్ల తర్వాత ఎవరైనా బాకీ ఉందంటే చూపించడానికి అదే ఆధారం.

బ్యాంకు పట్టించుకోకపోతే రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు చెప్పుకోవచ్చు. అందుకు రుసుము లేదు. వివరాలకు 14448కు ఫోను చేయండి. ముద్ర పడిన ఆ కాగితాన్ని పట్టాదారు పాసు పుస్తకంతో పాటు భద్రంగా దాచుకోండి.